బాల్కనీకి నెట్ వేసుకుంటామంటే అసోసియేషన్ ఒప్పుకోవట్లేదు, పర్మిషన్ ఎలా అడగాలి?

స్రవంతి_నల్లగండ్ల
నమస్తే అండి. నల్లగండ్లలో ఒక గేటెడ్ కమ్యూనిటీలో తొమ్మిదో అంతస్తులో అద్దెకుంటున్నాం. బాబుకి పదహారు నెలలు, ఇప్పుడు ఏది దొరికితే అది పట్టుకుని ఎక్కేస్తున్నాడు. హాలు బాల్కనీకి రెండడుగుల పిట్టగోడ, దాని మీద గ్రానైట్, ఆపైన అడ్డంగా మూడు స్టీలు పైపులు, మొత్తం కలిపి మూడున్నర అడుగులు ఉంటుంది. ఆ అడ్డ పైపులు చూస్తేనే నాకు టెన్షన్, నిచ్చెన మెట్లలా ఉన్నాయి. ఇంకోవైపు వంటింటి పక్క యుటిలిటీ బాల్కనీలో ఏసీ బయటి యూనిట్ వెనక పావురాలు కాపురం పెట్టాయి, రెట్టలు కడిగీ కడిగీ చేతులు పోతున్నాయి. కమ్యూనిటీ యాప్‌లో "రెండు బాల్కనీలకి సేఫ్టీ నెట్ వేసుకోవడానికి అనుమతి ఇవ్వండి" అని పెట్టాను. "ఎలివేషన్‌లో మార్పులకు అనుమతి లేదు" అని ఒక్క ముక్కలో తిప్పి పంపారు. ఓనర్ డాలస్‌లో ఉంటారు. ఇప్పుడు ఏం చేయాలి? ఎవరైనా ఇలా అడిగి పర్మిషన్ తెచ్చుకున్నారా?

కిరణ్_మియాపూర్
అక్కా, అసలు అడగడమెందుకు? బాల్కనీ మీ ఫ్లాట్ లోపలిదే, రిజిస్ట్రేషన్‌లో ఆ చదరపు అడుగులకి కూడా డబ్బులు కట్టే ఉంటారు. ఆదివారం పొద్దున నెట్ వాళ్ళని పిలిపించి కొట్టించేయండి. పిల్లాడి ప్రాణం కోసం వేసుకున్నదాన్ని పీకించే ధైర్యం ఏ కమిటీకీ ఉండదు. మా టవర్‌లో సగం మంది అలాగే వేసుకున్నారు.

మూర్తి_కొండాపూర్
కిరణ్ గారూ, సగం కరెక్టు, సగం కాదు. బాల్కనీ లోపలి జాగా మీదే, దాన్ని వాడుకునే హక్కూ మీదే. కానీ బిల్డింగు బయటి గోడ, బయటికి కనిపించే ముఖం అందరిదీ, దానికి రంగు వేయించేదీ రిపేర్ చేయించేదీ అసోసియేషనే. నెట్ వాళ్ళు మామూలుగా ఏం చేస్తారంటే, తాడు కట్టుకుని బయటికి వంగి, గోడ బయటివైపే హుక్కులు కొట్టి వల సాగదీస్తారు, ఎందుకంటే వాళ్ళకి అలా సులువు. అక్కడే పేచీ మొదలవుతుంది. ఇంకో సంగతి, చాలా చోట్ల సెక్యూరిటీ వాళ్ళు వర్క్ పర్మిట్ లేనిదే డ్రిల్ మిషన్ ఉన్న మనిషిని గేటు దాటనివ్వరు, కాబట్టి ఆదివారం ప్లాను గేటు దగ్గరే ఆగిపోతుంది. స్రవంతి గారు అద్దెకున్నవాళ్ళు, రేపు గొడవైతే ఓనర్‌కి నోటీసు వెళ్తుంది, ఆయన వీళ్ళని ఖాళీ చేయమంటాడు.

మా కమ్యూనిటీలో కొన్నాళ్ళు సెక్రటరీగా చేశాను కాబట్టి అటువైపు నుంచి చెప్తా. మీ రిక్వెస్టు తిరిగొచ్చింది నెట్ వద్దని కాకపోవచ్చు. అందులో ఏ నెట్టు, ఏ రంగు, లోపలా బయటా, హుక్కులు ఎక్కడ కొడతారు, ఇవేవీ లేవు. పైగా అడిగింది అద్దెకున్నవాళ్ళు. అసోసియేషన్‌కి సభ్యుడంటే ఓనరే. కాబట్టి రెండోసారి అప్లికేషన్ ఓనర్ మెయిల్ నుంచే వెళ్ళాలి, లేకపోతే "ఫలానా ఫ్లాట్‌లో నెట్ వేసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు, నా తరఫున మాట్లాడటానికి మా టెనెంట్‌కి అధికారం ఇస్తున్నాను" అని ఆయన రాసిన మెయిల్ జత చేయండి. డాలస్ నుంచి మెయిల్ చాలు.

లక్ష్మి_బెజవాడ
మాది విజయవాడ, ఐదంతస్తుల చిన్న అపార్ట్‌మెంటు. మాకు కోతుల బాధ ఎక్కువ, వంటింట్లోకి వచ్చి కొబ్బరికాయలు ఎత్తుకెళ్ళేవి. నెట్టు వేస్తే కొరికేస్తాయి. మేం ఇనప గ్రిల్లు పెట్టించేశాం, బాల్కనీ మొత్తం మూసేసి. మీరు కూడా ఇనప గ్రిల్లు పెట్టించండమ్మా, ఒకసారి పెడితే ఇరవై ఏళ్ళు చూసుకోనక్కర్లేదు. పర్మిషన్‌దేముంది, పక్క ఫ్లాటువాళ్ళతో ఒక మాట అనుకుంటే సరిపోతుంది.

మూర్తి_కొండాపూర్
లక్ష్మి గారూ, మీకున్నది కోతులు, స్రవంతి గారికి పావురాలు, పిల్లాడు. పది ఫ్లాట్ల బిల్డింగులో మాట అనుకుంటే సరిపోతుంది, నిజమే. వాళ్ళది ఎత్తైన టవరు. అలాంటిది హైరైజ్ లెక్క, అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ ఉంటుంది, కమిటీ దాని గురించి భయపడుతుంది. మంటలొచ్చి తలుపు వైపు పొగ కమ్మేస్తే మనుషులు నిలబడేది బాల్కనీలోనే. ఇనప గ్రిల్లుతో మూసేస్తే అక్కడి నుంచి బయటికి దారి లేదు. నైలాన్ వలని వంటింటి కత్తితో కోయొచ్చు. స్రవంతి గారూ, కమిటీ "ఫైర్" అనే మాట ఎత్తితే మీ జవాబు ఇదే, వాళ్ళు ఎత్తక ముందే రాసేయండి కూడా.

సాగర్_సివిల్
నేను ఒక కమ్యూనిటీకి మెయింటెనెన్స్ ఇంజినీరుని. నెట్టు కంపెనీ వాళ్ళ రేట్ల గురించి అందరూ మాట్లాడతారు, హుక్కు గురించి ఎవరూ మాట్లాడరు. పిల్లాడు వచ్చి వల మీద పడితే బరువు మోసేది హుక్కే.

స్రవంతి అక్కా, మీ బాల్కనీకి రెండు పక్కలా గోడలున్నాయి, ముందు మాత్రమే ఓపెన్ అనుకుంటున్నా. అలా అయితే వల మొత్తం లోపలివైపు నుంచే కట్టొచ్చు. పైన హుక్కులు స్లాబు అడుగున ముందు అంచుకి దగ్గర్లో, లేదా బీము లోపలి ముఖానికి. పక్క హుక్కులు రెండు గోడలకి. కింద హుక్కులు గ్రానైట్‌కి కాదు, గ్రానైట్ కింద అరడుగు దిగి పిట్టగోడ లోపలి ముఖానికి. అప్పుడు మీ అడ్డ పైపులు మూడూ వలకి అవతలివైపు ఉంటాయి, బాబు కాలు వాటి మీద పడే అవకాశమే ఉండదు. బయటి నుంచి చూస్తే గోడకి ఒక్క హుక్కు కూడా కనపడదు.

ఎక్కడ కొట్టకూడదో కూడా చెప్తా. గ్రానైట్ అంచుకి దగ్గరగా డ్రిల్ పెడితే పగిలిపోతుంది. బాల్కనీ నేలకి అస్సలు వద్దు, టైల్ కింద వాటర్‌ప్రూఫింగ్ పొర ఉంటుంది, అది చిల్లు పడితే వానాకాలంలో కింది ఫ్లాటువాళ్ళ సీలింగ్ కారుతుంది, నెట్టు మీద వచ్చే సగం గొడవలు నిజానికి ఈ లీకేజీ గొడవలే.

గోడ ఏంటో డ్రిల్ పొడి చెప్తుంది. ఎర్రటి పొడి వస్తే ఇటుక, పర్వాలేదు. మిషన్ మొరాయించి గట్టిగా బూడిదరంగు పొడి వస్తే కాంక్రీటు, బ్రహ్మాండం. వెన్నలో దిగినట్టు దిగిపోయి తెల్లటి మెత్తటి పొడి వస్తే అది ఏఏసీ అనే తేలికపాటి బ్లాకు, అందులో స్క్రూ పట్టడానికి దూర్చే మామూలు చిన్న గిట్టీ నిలవదు, కొన్నాళ్ళకి హుక్కు చేత్తో లాగితే ఊడొస్తుంది. అక్కడ పొడుగు గిట్టీ, పొడుగు స్క్రూ వేయించండి, లేదా పక్కకి జరిపి కాలమ్‌లో కొట్టించండి. వల కట్టక ముందే ప్రతి హుక్కునీ మీ ఆయన చేత గట్టిగా లాగించి చూడండి. పావురాలకి అడుగుకో హుక్కు చాలు, పిల్లలున్న ఇంట్లో నేను ఎనిమిది తొమ్మిది అంగుళాలకి ఒకటి కొట్టిస్తా, కింది వరస ఆరు అంగుళాలకి.

కిరణ్_మియాపూర్
అన్నా ఇంత అవసరమా? మా వాడు ఒక పూటలో రెండు బాల్కనీలు కట్టేసి పోయాడు. ఇంకో డౌట్, రెరా చట్టం ప్రకారం బిల్డరే సేఫ్టీ నెట్ వేసివ్వాలి కదా, ఐదేళ్ళ వారంటీ ఉంటుందిగా?

సాగర్_సివిల్
రెరాలో ఉన్న ఐదేళ్ళు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరు సొంత ఖర్చుతో బాగు చేయాలని. నెట్టు అందులోకి రాదు. దాని ప్రభావం వేరేవైపు నుంచి ఉంటుంది. ఐదేళ్ళు నిండని బిల్డింగులో మీరు నేలకి చిల్లు పెట్టి లీకేజీ వస్తే, బిల్డరు "మీరు డ్రిల్ చేశారు, నా బాధ్యత కాదు" అంటాడు. కమిటీ వాళ్ళకి ఆ భయం ఉంటుంది. నేలకి కొట్టం అని రాసిస్తే ఆ భయం పోతుంది.

పద్మజ_కమిటీ
నేను వేరే కమ్యూనిటీలో ఇప్పుడు కమిటీలో ఉన్నాను, మమ్మల్ని అందరూ పిల్లల శత్రువుల్లా మాట్లాడతారు కాబట్టి రాస్తున్నా. మేము మొదట్లో అడిగినవాళ్ళందరికీ సరే అన్నాం. ఒకరు ఆకుపచ్చ వల కట్టారు, ఒకరు నల్లది, ఒకరు వెదురు చాప దింపారు, ఇంకొకరు అదే అనుమతి కాగితం చూపించి గ్రిల్లు అడుగు బయటికి జరిపి బట్టలారేసుకునే జాగా చేసుకున్నారు. పెయింటింగ్ టైములో తాళ్ళ మీద దిగే వాళ్ళు బయటి వలలు అడ్డొస్తున్నాయని పని ఆపేశారు, విప్పమంటే ఎవరూ విప్పరు. అప్పుడు మొత్తం బంద్ చేశాం. కానీ ఒక అమ్మాయి వచ్చి పక్కా స్కెచ్ ఇచ్చి, లోపలి నుంచి కడతాను, ఏ రంగో మీరే చెప్పండి అంటే కాదనడానికి మా దగ్గర కారణం ఉండదు. అలా వచ్చినవాళ్ళు తక్కువ, అంతే. అయితే నాకు ఒక అభ్యంతరం ఉంది. లోపల కట్టినా పదేళ్ళ నెట్టు చిరుగుపట్టి వేలాడుతుంటే చూసేదెవరు? దానికి ఎవరూ జవాబు చెప్పట్లేదు.

రమ్య_సింగపూర్
ఇక్కడ పద్ధతి చెప్తాను, మీ కమిటీకి చూపించడానికి పనికొస్తుందేమో. సింగపూర్‌లో కాండోలకి 2005 నాటి నిబంధనల్లోనే బైలాలు ఉన్నాయి. ఉమ్మడి ఆస్తికి డ్రిల్ కొట్టాలంటే మేనేజ్‌మెంట్ రాతపూర్వక అనుమతి కావాలి, కానీ దొంగలు రాకుండా, పురుగూ జంతువూ రాకుండా, పిల్లలకి హాని జరగకుండా పెట్టుకునే వాటిని ఆ బైలా అడ్డుకోదని అందులోనే రాసి ఉంది. బదులుగా పని సరిగ్గా చేయించాలి, చూడటానికి మిగతా బిల్డింగుతో కలిసిపోవాలి. మా మేనేజ్‌మెంట్ ఒక డిజైన్ ముందే ఖాయం చేసి పెట్టింది, ఎవరికి కావాలన్నా అదే.

మూర్తి_కొండాపూర్
రమ్య గారు చెప్పింది మన చట్టం కాదు, దాన్ని హక్కుగా ఎవరూ చూపించలేరు. కానీ ఆ ఒక డిజైన్ పద్ధతి మాత్రం మనకీ పనిచేస్తుంది, మేం చేసింది అదే. స్రవంతి గారూ, "నాకొక్కదానికి మినహాయింపు ఇవ్వండి" అని అడిగితే కమిటీ భయపడుతుంది, నీకిచ్చాం కాబట్టి రేపు అందరికీ ఇవ్వాలి అని. "పిల్లలున్న ఫ్లాట్ల కోసం ఒక స్టాండర్డ్ డిజైన్ ఖాయం చేయండి, ఇదిగో నా ప్రతిపాదన" అంటే వాళ్ళకి తీర్మానం రాసుకోవడానికి ఒక వస్తువు దొరుకుతుంది. మీ టవర్‌లో చిన్నపిల్లలున్న ఇంకో నలుగురు ఓనర్ల పేర్లు కిందుంటే ఇంకా మంచిది.

రెండో మాట. బాబుకి కావలసిన నెట్టూ పావురాల నెట్టూ ఒకే అప్లికేషన్‌లో కలపకండి. రెండు వేరే అవసరాలు, రెండు వేరే బాల్కనీలు. పావురాల మీద వాదన మొదలైతే పిల్లాడి సంగతి మూలపడిపోతుంది. ముందు హాలు బాల్కనీ తేల్చుకోండి.

మెయిల్ ఇలా రాయొచ్చు, మీ కొలతలు పెట్టుకోండి:

"సెక్రటరీ గారికి, ఫలానా టవరు, ఫలానా ఫ్లాటు ఓనర్‌ని. మా ఫ్లాట్‌లో అద్దెకున్న కుటుంబంలో పదహారు నెలల బాబు ఉన్నాడు. హాలు బాల్కనీ రెయిలింగ్‌లో అడ్డ పైపులు ఉండటం వల్ల పిల్లవాడు ఎక్కే ప్రమాదం ఉంది, ఫోటో జతచేశాను. బాల్కనీ లోపలివైపు మాత్రమే, 11 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తున వల కట్టడానికి అనుమతి కోరుతున్నాను. హుక్కులు స్లాబు అడుగున, పక్క గోడలకి, పిట్టగోడ లోపలి ముఖానికి మాత్రమే వస్తాయి. బయటి గోడకి, గ్రానైట్‌కి, నేలకి డ్రిల్ చేయము. వల కత్తితో కోయగలిగే నైలాన్, రంగు మీరు సూచించినది. పెయింటింగ్, రిపేర్ల సమయంలో వారం ముందు చెబితే మా ఖర్చుతో విప్పి మళ్ళీ కడతాము. ఫ్లాట్ ఖాళీ చేసేటప్పుడు హుక్కులు తీసి రంధ్రాలు పూడ్చి రంగు వేయిస్తాము. రెండేళ్ళకోసారి మీ ఇంజినీరు వచ్చి చూసి మార్చమంటే మారుస్తాము. స్కెచ్, వల ముక్క శాంపిల్ ఆఫీసులో ఇచ్చాము. ఒకవేళ తిరస్కరిస్తే ఏ బైలా నిబంధన కింద తిరస్కరిస్తున్నారో రాతపూర్వకంగా తెలపగలరు."

చివరి వాక్యం మర్యాదగానే ఉంది, కానీ అది ఉంటే ఒక్క ముక్కలో తిప్పి పంపడం కష్టం. పద్మజ గారు అడిగిన పాత నెట్టు ప్రశ్నకి రెండేళ్ళ చెకింగ్ మాట అందుకే పెట్టాను.

పద్మజ_కమిటీ
ఇలా వస్తే నేనైతే సంతకం పెడతాను. రెండేళ్ళకోసారి చూసే మనిషి ఎవరు, మర్చిపోతే ఎవరిది బాధ్యత అన్నది మాత్రం నాకింకా తేలలేదు.

సాగర్_సివిల్
మేడం, చూడటానికి పెద్ద టైము పట్టదు. ఎండ ఎక్కువ పడే పైమూలలో వల దారాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపితే పొడిలా రాలితే దాని పని అయిపోయినట్టే. హుక్కు చుట్టూ గోడ మీద తుప్పు మరక దిగుతుంటే అదీ మార్చాల్సిందే. పడమర ముఖం బాల్కనీల్లో తొందరగా పోతుంది.

ఝాన్సీ_కూకట్‌పల్లి
మా పాపకి మూడేళ్ళు, మాది ఆరో అంతస్తు. నెట్టు ఉందిలే అనే ధీమా వచ్చేస్తే కష్టం అక్కా. మాకు మొదట పావురాల నెట్టే కట్టి పిల్లల నెట్టు అని చెప్పి వెళ్ళిపోయారు. సన్న దారం, రెండంగుళాల గళ్ళు. పావురం దూరకపోవడానికి రెండంగుళాలు చాలు కానీ పాప కాలివేళ్ళు ఆ గళ్ళల్లో చక్కగా పట్టేవి, అడుగు ఎత్తు ఎక్కేసింది, వల సంచిలా ముందుకి సాగింది. అది విప్పించి దళసరి దారం, అంగుళం గళ్ళది బిగుతుగా కట్టించాం. అరచేత్తో నొక్కితే కొంచెం లోపలికి పోయి వెంటనే వెనక్కి రావాలి, అలా వేలాడిపోతే బిగుతు చాలదు. నెట్టు వచ్చాక కూడా బాల్కనీలో కుర్చీ, పూలకుండీ, తులసికోట పిట్టగోడకి దూరంగా పెట్టాం, తలుపుకి పైన గడియ వేయించాం.

కిరణ్_మియాపూర్
ఇన్విజిబుల్ గ్రిల్ వేయించుకోవచ్చుగా? స్టీలు తీగలు, దూరం నుంచి కనపడవు, ఎలివేషన్ గొడవే ఉండదు.

ఝాన్సీ_కూకట్‌పల్లి
మా పక్క ఫ్లాటువాళ్ళది అదే. చూడ్డానికి బాగుంది, నెట్టుకంటే ఖర్చు చాలా రెట్లు ఎక్కువ. మూడంగుళాల సందుతో వేయించారు, పావురాలు తీగల మధ్య నుంచి దూరి వస్తున్నాయి. రెండంగుళాలకి వేయించుకుంటే నయం. అద్దె ఇంట్లో అంత పెట్టడం నాకైతే దండగ అనిపిస్తుంది, ఓనర్ పెట్టుకుంటానంటే వేరే సంగతి.

సాగర్_సివిల్
అల్యూమినియం పట్టీ పైనా కిందా బిగిస్తారు, తీగలన్నీ లాగి కట్టడం వల్ల పట్టీ మీద లాగుడు ఎక్కువ. పిట్టగోడ బలంగా లేకపోతే కింద పట్టీ వదులవుతుంది. తీగ వంటింటి కత్తికి తెగదు, ఇంట్లో కట్టర్ ఒకటి అందుబాటులో పెట్టుకోవాలి. ఫైర్ ప్రశ్న దానికీ వస్తుంది.

స్రవంతి_నల్లగండ్ల
అందరికీ చాలా థాంక్స్ అండి. ఓనర్ గారికి మూర్తి గారి మెయిల్ పంపితే ఆయనే కొలతలు మార్చి పంపారు. మా టవర్‌లో ఇంకో ముగ్గురు ఓనర్లు పేర్లు ఇచ్చారు. కమిటీ మీటింగ్‌లో హాలు బాల్కనీకి సూత్రప్రాయంగా సరే అన్నారు, లేత బూడిదరంగు వల మాత్రమే అన్నారు, మొదట మాది కట్టాక ఇంజినీరు చూసి అదే అందరికీ స్టాండర్డ్ చేస్తారట. అయితే పదివేలు డిపాజిట్ అడుగుతున్నారు, ఖాళీ చేసేటప్పుడు తిరిగిస్తారట. వల ఖర్చు చూస్తే మూడు కంపెనీలూ రెండు మూడు వేల మధ్యే చెప్పాయి, దానికి పదివేలు డిపాజిట్టా? ఓనర్ అది మీరే కట్టుకోండి అంటున్నారు. ఇంకోటి, యుటిలిటీ వైపు ఏసీ వెనక పావురం రెండు గుడ్లు పెట్టింది. ఇప్పుడు అక్కడ నెట్టుకి అడగాలా ఆగాలా?

మూర్తి_కొండాపూర్
డిపాజిట్ తీసుకోవచ్చా అన్నది మీ బైలాలు చూస్తే గానీ చెప్పలేం. ఇంటీరియర్ పనులకి తీసుకునే డిపాజిట్‌నే దీనికీ పెట్టేసినట్టున్నారు. పనంతా కలిపి అరవై దాకా రంధ్రాలు, పూడ్చి రంగు వేయడానికి ఎంతవుతుందో సాగర్ గారిలాంటి వాళ్ళ చేత ఒక అంచనా రాయించి, అంతవరకే తీసుకోమని అడగండి. తగ్గిస్తారని హామీ ఇవ్వలేను. కడితే రసీదు మీద "వాపసు ఇవ్వబడును" అని రాయించుకోండి, అది ఓనర్ పేరు మీద కాకుండా మీ పేరు మీద ఉండాలి.

పద్మజ_కమిటీ
డిపాజిట్ విషయంలో నేను వాళ్ళ కమిటీ వైపే. ఖాళీ చేసి వెళ్ళాక హుక్కులు పీకేవాళ్ళు మాకు ఒక్కరు కూడా తగల్లేదు. పదివేలు ఎక్కువే, ఒప్పుకుంటా.

ఝాన్సీ_కూకట్‌పల్లి
గుడ్లున్నప్పుడు వల కట్టకండి అక్కా. తల్లి బయట, పిల్లలు లోపల ఉండిపోతే అవి చచ్చి ఏసీ వెనకే కుళ్ళుతాయి. పొదగడానికి రెండున్నర వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంకో నెల పడుతుంది, ఈలోపు అప్లికేషన్ పెట్టేయండి. ఎగిరిపోయిన రోజే గూడు తీసేయాలి, లేకపోతే వెంటనే మళ్ళీ పెడతాయి. ఎండిన రెట్టలు పొడిగా ఊడ్చకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, నీళ్ళు చల్లి నానాక మాస్కు పెట్టుకుని తీయండి, బాబుని ఆ రోజు వేరే గదిలో ఉంచండి.

సాగర్_సివిల్
యుటిలిటీ స్కెచ్‌లో ఏసీ యూనిట్ ఉన్న పక్క వలని హుక్కులకి శాశ్వతంగా ముడేయకుండా విప్పి కట్టుకునేలా తాడుతో చూపించండి. లేకపోతే ఏసీ సర్వీసుకి వచ్చే కుర్రాడు మొదటిసారే వలని కోసి పోతాడు, ఆ కంతలోంచే పావురాలు మళ్ళీ వస్తాయి.

స్రవంతి_నల్లగండ్ల
సరేనండి, యుటిలిటీకి స్కెచ్ ఈ రాత్రి వేసి ఇక్కడే పెడతాను, ఒకసారి చూసి చెప్పండి. డిపాజిట్ తగ్గించమని రేపు ఆఫీసుకి వెళ్ళి అడుగుతాను. సాగర్ గారూ, ఆ రంధ్రాల అంచనా లెటర్‌హెడ్ మీద కావాలంటారా, మామూలు కాగితం మీద చాలా?

సాగర్_సివిల్
మామూలు కాగితం చాలక్కా, కింద పనిచేసేవాడి ఫోన్ నంబరు ఉండాలి, వాళ్ళు ఫోన్ చేసి అడుగుతారు.